రెండు ఫోన్లకు రెండు గెలుపులు

మా తమ్ముడు చాంద్‌కి చెప్పడం కంటే మా హోటల్ ముందున్న సిమెంటు దిమ్మెకు చెప్పడం మేలని ఆ ఆదివారం నాకు చాలాసార్లు అనిపించింది. దిమ్మె కనీసం ఎదురు సమాధానం చెప్పదు.

ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీకి పోయే దారిలో, లారీలు నిలబెట్టే స్థలానికి ఎదురుగా మాదొక చిన్న టీ హోటలు. నా పేరు బీబమ్మ. మా ఆయన రసూల్ సాహెబ్ పొయ్యి దగ్గర, నేను గల్లా దగ్గర. లోడు కోసం వచ్చిన లారీ తన వంతు వచ్చేదాకా ఒక రోజు నిలబడొచ్చు, మూడు రోజులు నిలబడొచ్చు. ఇంజను ఆపి లారీలో ఫోన్ చార్జింగ్ పెడితే బ్యాటరీ దిగిపోతుందని ఓనర్లు తిడతారు. అందుకని డ్రైవర్ల ఫోన్లన్నీ మా గోడమీదున్న చెక్కబోర్డుకే వేలాడతాయి. పన్నెండు ప్లగ్గులు. ఫోన్లు కలిసిపోకుండా ఒక్కో ప్లగ్గు కింద సుద్దముక్కతో ఎవరిదో పేరు రాసిపెడతాను. పదో తరగతి పాసైన చదువు నాకు అక్కడ పనికొచ్చింది.

ఆ బోర్డు పక్కనే నా స్టూలు. ఫోన్ మోగితే చూపు పోకుండా ఉంటుందా? ఎవరి భార్య అలిగిందో, ఎవరి కంతు బౌన్స్ అయిందో నాకు తెలిసినంతగా వాళ్ల ఓనర్లకు కూడా తెలియదు. అలాగే వారం రోజులుగా నాలుగైదు ఫోన్లలో ఒకే పేరు, ఒకే బొమ్మ వెలుగుతుండటం చూశాను. కిరీటం బొమ్మ. 'కింగ్ రిపోర్ట్ - వంద శాతం గ్యారంటీ' అని పేరు. ఈరోజు ఆటలో ఫలానా జట్టు గెలుస్తుంది, ఖాయం, అని మెసేజ్. అందులో ఒక ఫోన్ మా చాంద్‌ది.

చాంద్ ప్రొద్దుటూరు అనంతయ్య శెట్టి లారీ నడుపుతాడు. ఎనిమిదేళ్లుగా అదే లారీ. ఆ లారీని చాంద్‌కే అమ్ముతానని శెట్టి ఒప్పుకున్నాడు. బుధవారం లోపల లక్షా ఇరవై వేలు ముందు ఇస్తే మిగతాది ఫైనాన్సు. ఇవ్వకపోతే తాడిపత్రి వాళ్లకు ఇచ్చేస్తాడు, వాళ్లు ఇప్పటికే రెండుసార్లు వచ్చి చూసిపోయారు. ఆ లక్షా ఇరవై వేలు చాంద్ రెండేళ్లుగా ట్రిప్పు ట్రిప్పుకీ తెచ్చి నా దగ్గర దాచినవి. బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను బియ్యంలో పెట్టాను. తన చేతిలో ఉంటే నిలవవని వాడే అన్నాడు. ఒక్క ఆ మాట మాత్రం వాడు తెలివిగా అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది. అయినా నవ్వుతున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"అక్కా, రొంత లెక్క కావల్ల. నలభై వేలు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తా."

"ఎందుకప్పా?"

"ఎనక టైర్లు రెండు పోయినాయి."

"శెట్టి లారీకి శెట్టి టైర్లు ఎయ్యల్ల గానీ నువ్వెందుకు ఏస్తావు?"

చాంద్‌కు అబద్ధం చెప్పడం కూడా సరిగా రాదు. అలాంటివాడు మోసగాళ్లతో బేరానికి దిగాడు.

"ఆ కిరీటం బొమ్మోడికా?" అన్నాను.

అంతే, దాచాల్సిన పని లేదన్నట్టు స్టూలు ముందుకు జరుపుకుని మొదలుపెట్టాడు. బుధవారం ఊరికే ఒక జట్టు పేరు చెప్పారంట, అదే గెలిచింది. శుక్రవారం చెప్పారు, అదే గెలిచింది. శనివారం కూడా అంతే. పైసా తీసుకోలేదంట. ఈరోజు మూడున్నరకు హైదరాబాద్‌కూ చెన్నైకీ ఆట. ఇది ముందే కుదుర్చుకున్న ఆట అంట. లోపలి రిపోర్టు అంట. నలభై వేలు వాళ్లకు పంపితే వాళ్లే పందెం కాసి, ఆట అయిపోగానే ఎనభై వేలు వెనక్కి పంపుతారంట.

"మూడుకు మూడు, అక్కా. మూడుకు మూడు నిజమైనాయి. ఇంగేం కావల్ల నీకు?"

"ఎవరు గెలుస్తారో వానికి ముందే తెలిస్తే వాడే కోటి రూపాయలు కాసుకుంటాడు గదా. నీ నలభై వేలు వానికెందుకు?"

"ఒక్కరి పేరుమీద అంత కాయనియ్యరంట. అందుకే మన పేర్లమీద కాస్తారంట."

"మరి ఆ గుంపులో ఎవరైనా నాకు డబ్బు రాలేదని రాస్తే?"

"అందులో అడ్మిన్ తప్ప ఎవరూ రాయడానికి లేదు. మందెక్కువ గదా, గలాటా అయితాదని."

చూశారా? ఏది అడిగినా జవాబు ఉంది. జవాబులన్నీ వాళ్లే ముందుగా వండి వీడి నోట్లో పెట్టారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడితో నాలుగో కాలు గురించి ఎంతసేపు వాదించను? పొయ్యి దగ్గర నుంచి మా ఆయన "వానికి రొంత మజ్జిగియ్యి" అన్నాడు. ఆయనకు ప్రపంచంలో ప్రతిదానికీ మందు మజ్జిగే. ఇద్దరిమీదా ఒకేసారి కోపం వచ్చింది నాకు.

"ఇయ్యను" అన్నాను.

"అది నా డబ్బు, అక్కా."

"బుధవారం దాకా కాదు."

గ్లాసు ముట్టుకోకుండా లేచి లారీల వైపు పోయాడు. ఫోన్ మాత్రం బోర్డుమీదే ఉంది, పన్నెండు శాతం చార్జింగుతో.

నా అనుమానం ఊరికే వచ్చింది కాదు. శుక్రవారం చాంద్ ఫోన్లో ఒక జట్టు పేరు చూశాను. దాని పక్కనే పెద్ద ఈరన్న ఫోన్ ఉంది. ఈరన్నది ఆదోని వైపు, యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయన ఫోన్లోనూ అదే కిరీటం, అదే పేరు. జట్టు మాత్రం వేరే. నేనే సరిగా చదవలేదేమో అనుకున్నాను. మరుసటి రోజు ఈరన్న టీ తాగకుండా ఊరికే కూర్చుంటే ఏమైందని అడిగాను. దొంగకు తేలు కుట్టినట్టు తల దించుకున్నాడు తప్ప పలకలేదు.

అందుకే ఆదివారం మూడు గంటలకు సుద్దముక్క చేత్తో పట్టుకుని బోర్డు ముందే కూర్చున్నాను. కిరీటం ఫోన్లు ఆరోజు మూడున్నాయి. చాంద్‌ది, ఈరన్నది, మంగంపేట నుంచి వచ్చిన వీరభద్రది. వీరభద్ర చాంద్ ఈడువాడే, ఇద్దరూ ఒకే కంచంలో తినేంత దోస్తీ. చాంద్‌ని ఆ గుంపులో చేర్పించింది కూడా అతనేనని తర్వాత తెలిసింది.

మూడూ పదికి మూడు ఫోన్లూ ఒకేసారి వెలిగాయి. చాంద్‌కి చెన్నై. వీరభద్రకి చెన్నై. ఈరన్నకి హైదరాబాద్. ముగ్గురికీ వంద శాతం గ్యారంటీ.

ముగ్గురి పేర్ల కింద జట్ల పేర్లు సుద్దతో రాసి, ముగ్గుర్నీ కేకేశాను. వచ్చి చూశారు. ఈరన్న ముఖం వాడిపోయింది. చాంద్ మాత్రం ఒక్క నిమిషం తల గోక్కుని జవాబు వెతికి పట్టుకున్నాడు.

"ఈరన్నది డూప్లికేట్ గుంపు. మాది ఒరిజినల్. డూప్లికేట్లతో జాగ్రత్త అని మా అడ్మిన్ రోజూ పెడతాడు."

"నాకూ అట్లే పెడతాడప్పా" అన్నాడు ఈరన్న మెల్లగా.

"ఒరేయ్, వినరా" అన్నాను. "వెయ్యి మందిని పట్టుకుని ఐదొందల మందికి ఒక జట్టు, ఐదొందల మందికి ఇంకో జట్టు చెప్తాడు. ఏదో ఒకటి గెలుస్తాది గదా. గెలిచిన ఐదొందల మందిని మళ్లా రెండుగా చేసి అట్లే చెప్తాడు. మూడు ఆటలు అయ్యేసరికి నూటిరవై ఐదు మందికి మూడుకు మూడు నిజమైనట్టు అగుపిస్తాది. వాళ్లు వాణ్ణి దేవుడనుకుంటారు. ఆ నూటిరవై ఐదు మందిలో నువ్వొకడివి. అంతకు మించి వానికేం తెలీదు."

వీరభద్ర నవ్వాడు. "అక్కా, నువ్వు టీ చూసుకో. నేను పొద్దున్నే నలభై వేలు పంపినా."

"యాడిది?"

"డీజిలు అడ్వాన్సు."

ఓనరు ట్రిప్పుకిచ్చిన డీజిలు డబ్బు. రేపు వంతు వచ్చి లోడెక్కితే లారీ దేంతో కదులుతుంది? ఇటు ఈరన్న తల ఎత్తకుండానే, తానూ ఇరవై వేలు పంపానని చెప్పాడు. శుక్రవారం ఐదు వేలు పోయాయంట. పోయినవి కూడా ఈ ఆటలో రాబట్టి ఇస్తామన్నారంట. ఒకర్ని గెలిపించి పట్టుకున్నారు, ఇంకొకర్ని ఓడించి పట్టుకున్నారు. ఇంత పెద్ద మగవాళ్లు ఒకే గోడకు ఫోన్లు తగిలించుకుని, ఒకే బెంచీమీద కూర్చుని, నీకేం వచ్చింది నాకేం వచ్చింది అని ఒక్కసారి ఒకరినొకరు అడగలేదు. గెలిచినవాడికి తన గుట్టు బయటపడుతుందని భయం, ఓడినవాడికి సిగ్గు. ఆ భయమూ సిగ్గూ మీదే ఆ కిరీటం బొమ్మవాడు బతుకుతున్నాడు.

ఆట మొదలైంది. మా హోటల్లో టీవీ లేదు. ఎవరి ఫోన్లోనో పెట్టి పది మంది మూగారు. నేను చూడలేదు. ఎవరు గెలిచినా నాకు ఓటమేనని తెలుసు.

ఏడు దాటాక అరుపులు వినిపించాయి. చెన్నై గెలిచింది.

చాంద్ వచ్చి నా ముందు నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాలుగుకు నాలుగు అక్కా. ఎనభై వేలు వచ్చిండేవి. బుధవారం శెట్టికిచ్చి కూడా చేతిలో నలభై వేలు మిగిలుండేవి. నీవల్ల పోయినాయి."

"నీవి పోలేదప్పా, అన్నీ ఈడనే ఉండాయి."

"అయితే ఇచ్చెయ్. మొత్తం ఇచ్చెయ్. మంగళవారం ఇంకో ఆట ఉండాది. నా డబ్బుకు నువ్వు కాపలా ఉండొద్దు."

అక్కడ నాకు ఓపిక అయిపోయింది. నిజమే, అది వాడి డబ్బు. రెండేళ్లు నిద్ర లేకుండా బండి నడిపి తెచ్చింది. ముప్పై రెండేళ్లవాడిని ఎన్నాళ్లు చెయ్యి పట్టుకుని నడిపించను? లోపలికి పోయి బియ్యంలో చెయ్యి పెట్టి డబ్బా తీసి, బియ్యం గింజలు కూడా దులపకుండా వాడి ముందు బెంచీమీద పెట్టాను. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే వచ్చింది. పొయ్యి దగ్గర మా ఆయన అట్లకాడ పక్కన పెట్టి మమ్మల్నే చూస్తున్నాడు. ఈసారి మజ్జిగ మాటెత్తలేదు.

చాంద్ డబ్బామీద చెయ్యి వేశాడు. అప్పుడే వీరభద్ర పరుగెత్తుతూ వచ్చాడు.

"చాందూ, నా ఎనభై వేలు రెడీగా ఉండాయంట. చూడు, మెసేజ్ వచ్చినాది. ఒక పద్నాలుగు వేల నాలుగు వందలు సర్దప్పా. వచ్చిన వెంటనే ఇచ్చేస్తా."

"ఎందుకు?"

"జీఎస్టీ అంట. ఎనభై వేలకు పద్దెనిమిది శాతం. అరగంటలో కట్టకపోతే క్యాన్సిల్ అయిపోతాదంట."

చాంద్ చెయ్యి డబ్బామీదే ఉంది గానీ ముఖం మారింది. "దాంట్లోనే పట్టుకుని మిగిలింది పంపమను. ఎనభైలో పద్నాలుగు పోతే అరవై ఐదు వేల చిల్లర. అదే పంపమను."

"అడిగినా. అట్ల పట్టుకోడానికి రూల్స్ లేవంట. ముందు మనం కట్టల్లంట."

"వీరా, వాళ్ల దగ్గర నీ ఎనభై వేలుంటే నీ దగ్గర పద్నాలుగు వేలు ఎందుకడుగుతారప్పా?"

"నీకు తెలీదు. పెద్ద మొత్తాలకు అట్లే ఉంటాదంట. చెన్నై అన్నారు, చెన్నై గెలిచిందా లేదా? నాలుగుకు నాలుగు. ఇంగేం కావల్ల నీకు?"

చాంద్ నా వైపు చూశాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు వాడు నాతో అన్న మాటే అది.

"పంపొద్దు" అన్నాడు చాంద్. "మోసం లాగుండాది."

"నువ్వు కాయలేదని నీకు మంటగా ఉండాది. ఓర్వలేకపోతాండావు" అన్నాడు వీరభద్ర. "నువ్వు ఇయ్యకపోతే ఇంకొకరిస్తారు."

"ఒరేయ్, చెప్తాంటే అర్థం కాదా నీకు?" అని చాంద్ బెంచీమీద చేత్తో చరిచాడు. అప్పటిదాకా వాడిమీద ఉన్న కోపం నాకు సగం తగ్గిపోయింది. మొద్దు తలకు చెప్పడం ఎట్లా ఉంటుందో వాడికీ తెలిసొచ్చింది గదా అనుకున్నాను. మంచి ఆలోచన కాదు గానీ, అనుకున్నాను.

ఈ గొడవలో ఈరన్న ఎప్పుడొచ్చాడో చూడలేదు. బోర్డు దగ్గర నిలబడి ఫోన్ పైకీ కిందికీ జరుపుతున్నాడు.

"బీబమ్మా, మధ్యాన్నం వచ్చిన మెసేజ్ కనపడ్తలేదు. హైదరాబాద్ అని వచ్చిండ్య గదా?"

నేను వెళ్లి చూశాను. లేదు, తుడిచేశారు. దాని స్థానంలో కొత్తది ఉంది. చివరి నిమిషంలో పైనుంచి మార్చారంట, క్షమించాలంట, మంగళవారం ఆటకు ఇంకో ఇరవై వేలు పంపితే పోయినవన్నీ కలిపి ఇస్తారంట. శుక్రవారం ఓడిన మెసేజ్ కూడా లేదు. ఆ గుంపులో పైనుంచి కిందిదాకా గెలిచినవే మిగిలాయి. కొత్తగా చేరినవాడు చూస్తే వీళ్లు ఎప్పుడూ ఓడలేదనే అనుకుంటాడు. కానీ నా బోర్డుమీద పెద్ద ఈరన్న పేరు కింద హైదరాబాద్ అని సుద్దరాత అట్లాగే ఉంది.

చాంద్ ఆ రాతను చూశాడు. ఈరన్న ఫోన్ తీసుకుని మొత్తం చదివాడు. తర్వాత తన ఫోన్ ప్లగ్గు నుంచి తీసి పంతొమ్మిది ముప్పైకి కొట్టి, స్పీకర్ పెట్టాడు. ఆన్‌లైన్ మోసాలకు ఆ నంబర్ అని మా ఆయనే ఎప్పుడో పేపర్లో చూసి గల్లా పైన అంటించాడు.

ఈరన్న వెనక్కి జరిగాడు. "వద్దప్పా. పందెం కాసినానని నన్నే లోపలేస్తారు."

"నువ్వు అట్ల భయపడతావనే వానికి ధైర్యం" అన్నాడు చాంద్. "జరిగింది జరిగినట్టు చెప్పు, దాచొద్దు. లేటయితే డబ్బు ఆ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు పోతాది, తర్వాత ఎవరూ పట్టుకోలేరు."

అవతల ఒకమ్మాయి ఎత్తింది. ఎప్పుడు పంపారు, ఎంత పంపారు, ఏ బ్యాంకు నుంచి అని అడిగింది. ఈరన్న ఒక్కొక్కటి చెప్పాడు. ఐదు వేలు, తర్వాత ఇరవై వేలు. ఎందుకు పంపారని ఆమె అడిగితే ఆటమీద పందేనికి అని నిజమే చెప్పాడు. ఆమె తిట్టలేదు. డబ్బు ఎవరి ఖాతాకు పోయిందో ఆ పేరు చదవమంది.

చాంద్ ఈరన్న ఫోన్లో చూసి చదివాడు. ఏదో చీరల దుకాణం పేరు. ఆటల పందేలకూ చీరల దుకాణానికీ ఏం సంబంధమో నాకు తెలియదు. అమాయకుల దగ్గరో, పేదోళ్ల దగ్గరో ఖాతాలు బాడుగకు తీసుకుంటారని ఆ అమ్మాయి చెప్పింది.

వీరభద్ర అప్పటికి గల్లా అవతల నిలబడి ఇంకెవరికో ఫోన్ చేసి పద్నాలుగు వేలు అడుగుతున్నాడు. చీరల దుకాణం పేరు వినగానే మాట ఆపాడు. తన ఫోన్లో జీఎస్టీ కట్టమని వచ్చిన పేరు చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. వచ్చి ఈరన్న పక్కన నిలబడి రెండు ఫోన్లూ దగ్గర పెట్టాడు. గెలిచినవాడినీ ఓడినవాడినీ డబ్బు అడుగుతున్నది ఒకే దుకాణం.

తర్వాత వీరభద్ర బెంచీమీద కూలబడి, "నాది కూడా చెప్పమ్మా ఆమెకు" అన్నాడు, పక్కనున్నది ఎవరో కూడా చూసుకోకుండా. చాంద్ చెప్పాడు. ఫిర్యాదు నంబర్లు వచ్చాయి. ఖాతా ఆపించడానికి ప్రయత్నిస్తామన్నారు, మాట మాత్రం ఇవ్వలేదు. బ్యాంకుకు కూడా చెప్పమన్నారు, మెసేజ్‌లు తుడవకుండా ఫొటోలు తీసి పెట్టుకోమన్నారు. వీరభద్ర డీజిలు డబ్బు పొద్దున పోయింది. అది దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. ఓనరుకు అతను ఏం చెప్తాడో ఏమో. కోపం ఉన్నా అన్నం పెట్టాను, ఇద్దరికీ. తినలేకపోయారు.

వాళ్లు పోయాక చాంద్ మిగిలాడు. డబ్బా ఇంకా బెంచీమీదే ఉంది. వాడు మూత తియ్యలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను గ్లాసులు కడుగుతూ వాడు తప్పు ఒప్పుకుంటాడని, నాకు క్షమాపణ చెప్తాడని ఎదురు చూశాను. అబద్ధమెందుకు, ఆశపడ్డాను.

చెప్పలేదు. డబ్బాను రెండు చేతులతో నా వైపు తోశాడు.

"అక్కా, అది మోసమని నాకు ఇప్పుడు బాగా తెల్సు. సగం మందికి ఇది, సగం మందికి అది. అంతా తెల్సు. అయినా నాకు నాలుగుకు నాలుగు కలిసినాయి గదా, లోపల యాడనో రొంత ఆశ ఇంకా ఉండాది. మంగళవారం మెసేజ్ వస్తే మళ్లా వచ్చి నిన్ను అడుగుతానేమో. అరుస్తానేమో. ఏడుస్తానేమో. నాకు ఇయ్యొద్దు."